టూత్‌పిక్‌తో గుచ్చిన వెనిగర్ గుడ్లు, నాలుగు రోజులుగా బయటే ఉన్నాయి. తినొచ్చా?

మల్కాజిగిరి మధు:
పన్నెండు గుడ్లు ఉడకబెట్టి పెంకు తీశా. పులుపు తొందరగా పట్టాలని ఒక్కో గుడ్డుకి టూత్‌పిక్‌తో నాలుగైదు చోట్ల గుచ్చి లీటరు సీసాలో వేశా. సగం వెనిగర్, సగం నీళ్లు, ఉప్పు, వెల్లుల్లి, పచ్చిమిర్చి. మూత బిగించి కిచెన్ గట్టు మీదే ఉంచా, ఇవాళ నాలుగో రోజు. వాసన బాగానే ఉంది. తినొచ్చా? ఇప్పటి నుంచి ఫ్రిజ్‌లో పెడితే ఎన్నాళ్లుంటాయి?

నాచారం నాని:
హాయిగా తిను బ్రో. బాటులిజం అని, బ్యాక్టీరియా విషంతో నరాలు చచ్చుబడే జబ్బని నెట్‌లో భయపెడతారు గానీ పులుపు కొలిచే పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే, అంటే పులుపు బాగా ఉంటే, ఆ బ్యాక్టీరియా పెరగనే పెరగదు. పీహెచ్ పేపర్ కొనుక్కుని ముంచి చూడు, 3 చూపిస్తుంది. నేను రెండేళ్లుగా చేస్తున్నా, ఒక్కడికీ ఏం కాలేదు.

కూకట్‌పల్లి కోడలు:
గుడ్లు నూనెలో వేయించి ఆవపిండి, కారం కలిపితే నెల ఉంటాయండి, నిమ్మరసం చివర్లో పిండాలి. మా అత్తగారి ఆవకాయ అయితే ఏడాదంతా జాడీలోనే, ఫ్రిజ్ ముఖమే చూడదు.

మల్కాజిగిరి మధు:
నేనడిగింది వెనిగర్ గుడ్లండీ, పచ్చడి కాదు.

తార్నాక తాత:
మధూ, ఆ సీసా పారెయ్. ఒక ముక్క నాలుక మీద పెట్టి చూద్దామని కూడా అనుకోకు.

నాని చెప్పిన 4.6 నిజమే. కానీ ఆయన పేపర్ ముంచింది నీళ్లలో, నువ్వు తినేది గుడ్డు. 1997లో అమెరికాలో ఇల్లినాయిలో ఒకాయన అచ్చం నీలాగే గుడ్లు ఉడకబెట్టి, టూత్‌పిక్‌తో గుచ్చి, వెనిగర్‌లో బీట్‌రూట్, మిరపకాయలతో కలిపి సీసాలో పోసి బయట పెట్టాడు, అప్పుడప్పుడు ఎండ కూడా తగిలింది. వారం తర్వాత తిన్నాడు. ఒకటి రెండుగా కనబడటం, మాట తడబడటం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. బతికాడు గానీ చాలాకాలం ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ సీసాని పరీక్షిస్తే ద్రవం పీహెచ్ 3.5. పచ్చసొనది కొలవలేదు గానీ మామూలుగా అది 6.8 దాకా ఉంటుంది. విషం ద్రవంలో కంటే సొనలో దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ.

ఆ బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, వెల్లుల్లి మీద, ఎక్కడైనా ఉంటాయి, ఉడకబెట్టినా చావవు. టూత్‌పిక్ వాటిని సొన దాకా దిగేసింది. లోపల గాలి లేదు, పులుపు ఇంకా చేరలేదు, మన గది వేడి ఎటూ ఉంది. వాటికి కావలసినవన్నీ దొరికాయి.

నాచారం నాని:
అంకుల్, మీ మాట ప్రకారమే తప్పు టూత్‌పిక్‌ది. నేను ఎప్పుడూ గుచ్చను. కాబట్టి అది నాకు వర్తించదు.

తార్నాక తాత:
గుచ్చకపోతే ముప్పు బాగా తగ్గుతుంది, ఒప్పుకుంటా. పూర్తిగా పోదు. పన్నెండు గుడ్లు ఒలిస్తే ఒకటి రెండైనా చీలతాయి, గోరు దిగిన చోట సొన కనబడుతుంది. వాటిని పక్కన పెట్టి కూరలో వేస్తావా, సీసాలోనే వేస్తావా?

ఇంకొకటి. మధు సగం నీళ్లు కలిపాడు. మన షాపుల్లో దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు 4 శాతం, అమెరికా పద్ధతులు రాసింది 5 శాతానికి. నీళ్లు కలిపాక 2 శాతం అయింది. విచిత్రమేంటంటే పేపర్‌కి ఇది తెలియదు, ఎందుకంటే నీళ్లు కలిపినా ద్రవం పీహెచ్ కొంచెమే మారుతుంది. కానీ సొనలోకి దిగాల్సిన ఆమ్లం మాత్రం సగమైపోయింది.

కూకట్‌పల్లి కోడలు:
మరి ఆవకాయకి ఏం కాదేం తాతగారూ?

తార్నాక తాత:
ఆవకాయలో ఉప్పు ఎంత పోస్తారమ్మా! ఆ ఉప్పుకి అది పెరగలేదు, మామిడికాయ కూడా పుల్లనిదే. గుడ్డులో పులుపూ లేదు, అంత ఉప్పు వేస్తే తినలేం.

దిల్‌సుఖ్‌నగర్ దీపు:
నా సంగతి వినండి. పోయిన మేలో ఆన్‌లైన్‌లో ఎవరో ఇంట్లో చేసినవి అంటే వెనిగర్ గుడ్ల సీసా తెప్పించా. తిన్న రాత్రే వాంతులు, జ్వరం, రెండు రోజులు ఆఫీసు ఎగ్గొట్టా. మెసేజ్ పెడితే బ్లాక్ చేశారు. సీసా మీద ఏముందో తెలుసా, "ఫ్రిజ్ అవసరం లేదు, 3 నెలలు". ఇదీ బాటులిజమే కదా?

తార్నాక తాత:
జ్వరం, ఒక రాత్రిలో వాంతులు అంటే వేరే ఏదో అయ్యుంటుంది బాబూ. బాటులిజంలో జ్వరం సాధారణంగా ఉండదు. రెప్పలు వాలడం, మింగలేకపోవడం, నోరు ఎండిపోవడం, పైనుంచి కిందకి బలం తగ్గుతూ రావడం. అలాంటిది కనబడితే ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లి ఏం తిన్నారో చెప్పాలి.

నాచారం నాని:
దీపు, నన్నేనా అంటున్నావు? నేనెవరినీ బ్లాక్ చెయ్యలేదు.

దిల్‌సుఖ్‌నగర్ దీపు:
నీ పేరు నేనెక్కడ ఎత్తాను? నువ్వు అమ్ముతావా?

నాచారం నాని:
అమ్ముతా. తప్పేంటి? కొరియర్‌లో బెంగళూరు, వైజాగ్ పంపిస్తా. ఐస్ పెట్టి పంపితే సీసా కంటే కొరియర్ ఖర్చెక్కువ. కంపెనీల గుడ్లు విదేశాల్లో షాపు ర్యాక్‌ల మీద ఫ్రిజ్ లేకుండానే ఉంటాయి, వాళ్లని అడగండి ముందు. ఇంట్లో చేసేవాళ్లే అందరికీ అలుసు. మా ఆవిడ పొద్దున్నే లేచి ఒలుస్తుంది అవన్నీ.

మల్కాజిగిరి మధు:
అంటే నాకు "తిను బ్రో" అని చెప్పింది మీ సరుకు కోసమా 😑

తార్నాక తాత:
మీ ఆవిడ కష్టాన్ని ఎవరూ తక్కువ చెయ్యట్లేదు. ర్యాక్ మీద ఉండే కంపెనీ గుడ్డుకి సొన నడిమధ్య దాకా పులుపు దిగిందో లేదో కొలుస్తారు, ఆపైన సీసాతో సహా వేడి చేస్తారు. ఇంట్లో ఆ పని చెయ్యడానికి నమ్మదగ్గ కొలత లేదనే అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ వాళ్లు బయట ఉంచే పద్ధతి ఒక్కటీ ఇవ్వలేదు. వాళ్లవన్నీ ఫ్రిజ్ పద్ధతులే. చిన్న గుడ్లకి ఒకటి రెండు వారాలు, పెద్దవాటికి రెండు నుంచి నాలుగు వారాలు ఊరాలి, అదీ ఫ్రిజ్‌లోనే. మూడు నాలుగు నెలల్లో తినేయాలి. వడ్డించడానికి బయట పెడితే రెండు గంటలు, అంతే.

నువ్వు ఒక పని చెయ్యి నానీ. నీ సీసాలోంచి మూడో రోజు గుడ్డు ఒకటి తీసి, కడిగి, కోసి, సొన మధ్యలోది మాత్రం చెంచాతో తీసి చూడు.

కరెంటు కష్టాలు:
మా ఏరియాలో ఎండాకాలం ఐదు గంటలు కరెంటు పోయింది, ఫ్రిజ్‌లో ఊరుతున్న సీసా సంగతేంటి?

తార్నాక తాత:
తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా ఫర్వాలేదు. ఐదంటే, పెట్టి ఎన్ని రోజులైందో చూడాలి. రెండో రోజు సీసా అయితే నేనైతే ఉంచను.

మల్కాజిగిరి మధు:
మూత తియ్యకుండా రెండు కవర్లలో చుట్టి పడేశా. పన్నెండు గుడ్లు పోయాయని అమ్మ తిడుతోంది.

నాచారం నాని:
మూడు రోజులయింది కాబట్టి కోసి చూశా. తెల్లసొన బయట అంచు గట్టిపడి పుల్లగా వాసనొస్తోంది, లోపలికి వెళ్లేకొద్దీ మామూలు ఉడికిన గుడ్డులాగే ఉంది. సొన మధ్యలోది పేపర్‌కి రాస్తే జిడ్డు, పసుపు కలిసి రంగు తేల్చుకోవడం కష్టమైంది, కానీ 3 మాత్రం కాదు. 6కి దగ్గరగా ఉంది.

తార్నాక తాత:
మీటర్ పెట్టి చూడు, పేపర్‌ని నమ్మకు.

నాచారం నాని:
తెప్పిస్తా. ఈ వారం ఆర్డర్లు ఆపా. ఫ్రిజ్‌లో నెల ఊరబెట్టాక కొరియర్‌లో రెండు రోజులు బయట ఉంటే ఏమవుతుంది అన్నదానికి మాత్రం మీరు ఇంకా జవాబు చెప్పలేదు అంకుల్.

దిల్‌సుఖ్‌నగర్ దీపు:
ముందు ఆ లేబుల్ పీకెయ్.