మింగలేని మనిషికి మార్ఫిన్ ఎలా ఇవ్వాలి?

మాది రాయగడ. నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇంట్లోనే నాలుగు గంటలకోసారి 10 మి.గ్రా. మార్ఫిన్ మాత్ర వేస్తున్నాం. అది వేస్తే ప్రాణం తొందరగా పోతుందని బాబాయి రాత్రి మాత్ర మాన్పించేస్తే తెల్లారేసరికి నాన్న మూలుగుతూ మంచం పట్టీ పట్టుకుని ఉన్నారు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో నొప్పికి తగినంత వాడితే చావు ముందుకు రాదని, వ్యసనం కాదని, విరేచనం మందు మాత్రం రోజూ ఇవ్వాలని ఉంది.

ఇప్పుడు రోజంతా నిద్రే, గుటక పడట్లేదు, గొంతులో గురగుర. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడి దూదితో పెదాలు తడుపుతున్నాం, బలవంతంగా ఏమీ తాగించట్లేదు. మాత్ర ఒక్కసారిగా ఆపకూడదంటారు కదా, చర్మం కింద ఇంజెక్షన్ ఇంట్లోనే ఎవరైనా చేయించారా? బరంపురం దాకా తీసుకెళ్లే పరిస్థితి లేదు, డాక్టర్‌ని ఫోన్‌లో ఏమేం అడగాలి?