చీరల యాప్‌లో టెక్స్చర్లు: ఫోనుకు ఏ ఫార్మాట్, కంప్యూటరుకు ఏ ఫార్మాట్?

భువనగిరి బాట: గద్వాల, పోచంపల్లి చీరలను త్రీడీలో తిప్పి చూపే యాప్ చేస్తున్నాము. ఒక్కో చీరకు 2048×2048 జేపీజీ, ఫైలు ఒకటిన్నర ఎంబీ. 24 చీరలు తెరిస్తే తక్కువ ర్యామ్ ఫోన్లలో యాప్ మూసుకుపోతున్నది. బొమ్మను గడులుగా ముడిచే ఏఎస్‌టీసీ ఫార్మాట్‌లో 4x4 పిక్సెళ్ళ గడి పెడితే ఫైలే 5 ఎంబీ దాటింది. జేపీజీనే ఉంచి వేరే దారి చూడాలా?

దేవరకొండ రాయి: జేపీజీ చిన్నగా ఉండేది ఫోను నిల్వలో మాత్రమే. గ్రాఫిక్స్ చిప్పుకు దాన్ని నేరుగా చదవడం రాదు కనుక, తెరిచిన వెంటనే అది పిక్సెలుకు 4 బైట్ల చొప్పున విప్పుకొని 16 ఎంబీ అవుతుంది; దూరం నుంచి చూపేందుకు వాడే చిన్న నకళ్ళు, అంటే మిప్‌మ్యాపులు కలిపితే 21 ఎంబీ దాటుతుంది. మీ 24 చీరలు కలిసి 512 ఎంబీ. మీ యాప్ మూసుకుపోవడానికి కారణం ఇదే. ఏఎస్‌టీసీ అయితే చిప్పు లోపల కూడా ముడిచిన రూపంలోనే ఉంటుంది: 4x4లో మొత్తం 128 ఎంబీ, 6x6లో 57 ఎంబీ. పైగా విప్పే పని ప్రాసెసరుకు లేదు కాబట్టి చీర త్వరగా తెరుచుకుంటుంది.

మక్తల్ మిత్రుడు: అయితే ఏఎస్‌టీసీ ఒక్కటే చాలు కదండీ, కంప్యూటరుకూ అదే పెట్టండి. మా ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకున్నది.

దేవరకొండ రాయి: తెరుచుకోవడం వేరు, చిప్పు దాన్ని చదవగలగడం వేరు. ఇంటెల్ చిప్పుల్లో కొన్ని తరాలకు ఆ వసతి ఉండేది గాని, ఎన్‌విడియా, ఏఎండీ డెస్క్‌టాప్ కార్డుల్లో లేదు. అక్కడ యూనిటీ వంటి ఇంజిన్ చడీచప్పుడు లేకుండా మొత్తం విప్పి పెడుతుంది. బొమ్మ బాగానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మెమరీ మాత్రం తిరిగి 21 ఎంబీకి చేరుతుంది. ప్రొఫైలరులో ఆ టెక్స్చర్ పరిమాణం చూస్తే తెలిసిపోతుంది. ఓపెన్‌జీఎల్ అయితే ఈ పేరు ఎక్స్‌టెన్షన్ల జాబితాలో ఉందో లేదో చూడండి:

```
GL_KHR_texture_compression_astc_ldr
```

కంప్యూటరుకు ఆ కార్డులు నేరుగా చదివే బీసీ7 ఫార్మాట్‌లో వేరుగా తయారు చేయండి.

గద్వాల అంచు: 6x6 అని తేలికగా అంటున్నారు. మా చీరలను ఒక సంస్థవారు ఇలాగే ముడిచి పెడితే ఎర్రటి అంచులో జరీ మసకబారి ఇత్తడిలా కనబడింది. కొనేవారు నకిలీ జరీ అనుకున్నారు. ఆ నష్టం భరించింది మేము. అసలు ముడవకుండా చూపించాలి.

దేవరకొండ రాయి: మీ బాధ న్యాయమైనదే గాని, దానికి మందు ముడవకపోవడం కాదు. ఏఎస్‌టీసీలో గడి ఎంతదైనా దానికి దక్కేది 16 బైట్లే. 4x4లో ఆ 16 బైట్లు 16 పిక్సెళ్ళకు, 6x6లో 36 పిక్సెళ్ళకు పంచాలి. పోచంపల్లిలో చిటికి కట్టి అద్దిన నూలు రంగు అంచుల దగ్గర సహజంగానే ఒకదానిలోకి ఒకటి పాకి ఉంటుంది, అందువల్ల 6x6లో తేడా కనిపించదు. మీ గద్వాల కుట్టు దగ్గర తెల్లని నూలు, ఎర్రని పట్టు, జరీ మూడూ ఒకే గడిలో పడతాయి. అక్కడ 4x4 వాడండి. అంచుకు వేరే టెక్స్చర్ చేసి ఒళ్ళు మాత్రం 6x6లో ఉంచవచ్చు.

మక్తల్ మిత్రుడు: రెండు టెక్స్చర్లంటే రెండు మెటీరియళ్ళు, గీసే పని రెట్టింపు కదా?

గద్వాల అంచు: గీసే పని ఎంతైనా కానీయండి. చీర నిజంగా కనబడాలి.

అచ్చంపేట దారి: మీరందరూ మెమరీ, జరీ అంటూ వాదిస్తున్నారు, డౌన్‌లోడ్ మాట ఎవరికీ పట్టలేదు. జేపీజీలో 36 ఎంబీ ఉన్నది 6x6లో 57, 4x4లో 128 అవుతున్నది. మా ఊళ్ళో సిగ్నల్ ఒక గీత నిలిస్తే గొప్ప. ఫోను మూసుకుపోకుండా చేసి, యాప్ దిగకుండా చేస్తే ఎవరికి లాభం? పట్నంలో వైఫై కింద కూర్చొని చెప్పే సలహా ఇది.

దేవరకొండ రాయి: నేను దేవరకొండలోనే ఉంటాను. అయినా మీరు పట్టుకున్నదే అసలు చిక్కు. మనం ఇంతసేపు మూడు వేర్వేరు ఖర్చులను ఒకటిగా లెక్కిస్తున్నాము. డౌన్‌లోడ్ తగ్గాలంటే కేటీఎక్స్2 ఫైలులో బేసిస్ యూనివర్సల్ వాడవచ్చు. అందులోని ఈటీసీ1ఎస్ పద్ధతిలో ఫైలు చాలా చిన్నదవుతుంది. తెరిచేటప్పుడు ఫోనులో ఏఎస్‌టీసీగా, కంప్యూటరులో బీసీ7గా మారుతుంది. అయితే ఒక్కో గడికి ఒకే మూలరంగు ఉండి, వెలుగునీడలు మాత్రమే మారతాయి. ఎరుపు, జరీ ఒకే గడిలో పడితే రెండింటిలో ఒకటి తప్పుతుంది.

గద్వాల అంచు: అంటే మళ్ళీ మా చీరకే దెబ్బ.

అచ్చంపేట దారి: పోచంపల్లి చీరలకు ఈటీసీ1ఎస్ పెట్టి, గద్వాల వాటిని కొనేవారు తెరిచినప్పుడే ఒక్కొక్కటిగా 4x4లో దింపుకోనివ్వవచ్చు కదా?

భువనగిరి బాట: ముందు రెండు చీరలతో ఇలా చేసి, తక్కువ ర్యామ్ ఫోనులో చూస్తాను. గద్వాల అంచు గారూ, కుట్టు దగ్గరగా కనబడే ఫోటో ఒకటి పంపగలరా?

గద్వాల అంచు: పంపుతాను. కానీ 6x6 ఫలితం నాకు చూపించకుండా యాప్‌లో పెట్టవద్దు.