కండెన్సర్ పైపు పోతే డ్రయ్యర్ కూడా మార్చాలా?

కాకినాడకాజా: మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి రాయి తగిలి ఏసీ పైపు చిల్లుపడింది, గ్యాస్ మొత్తం పోయింది. పైపు మార్చి గ్యాస్ పడతానని చెప్పిన మెకానిక్, ఇప్పుడు డ్రయ్యర్ కూడా మార్చాలి, ఇంకో 1,400 అవుద్ది అంటున్నాడండి. డ్రయ్యర్‌కి ఏమీ తగల్లేదు కదా. నిజంగా అవసరమా, లేక బిల్లు పెంచడమా?

డీజిల్‌బాబాయ్: బిల్లు పెంచడమే. ఇందులో ఆలోచించేదేముంది? తేమ పోవడానికే కదా వాక్యూమ్ పంపు పెట్టేది. గేజీ 29 అంగుళాల దగ్గరికి దిగితే మన ఊరి వేడికే నీళ్లు మరిగి ఆవిరై బయటికొచ్చేస్తాయి. ముప్పావుగంట పంపు ఆడించమను, చాలు.

చిన్నక్క: నేనైతే ఏసీ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకున్నాను. డ్యాష్‌బోర్డు అర ఊడదీస్తే చేతికొచ్చేస్తుంది. దానికి 1,400 ఏంటండీ, దారుణం.

పానాపట్టు: అక్కా, మీరు మార్చింది క్యాబిన్ ఫిల్టర్. అది లోపలికొచ్చే గాలికి. ఇక్కడ అడిగింది బానెట్ కింద కండెన్సర్ పక్కన ఉండే చిన్న అల్యూమినియం సీసా గురించి.

బాబాయ్ నీళ్లు మరిగే లెక్క సరిగ్గానే చెప్పాడు, కానీ అది పైపులో ఊరికే ఉన్న నీటికి. డ్రయ్యర్ లోపల ఒక సంచి ఉంటుంది, అందులో ఆవగింజలంత గింజలు. వాటి పనే తేమని పట్టుకుని వదలకపోవడం. తమ బరువులో దాదాపు ఐదో వంతు నీళ్లు తాగుతాయి. 40 గ్రాముల సంచి అనుకుంటే 8 గ్రాములు, అంటే చెంచాన్నర. అంతే దాని బతుకు. తాగినవి మళ్లీ కక్కాలంటే 200 డిగ్రీల పైన వేడి చెయ్యాలి. బండి మీద ఉండగా పంపు పెట్టి లాగితే అవి కదలవు. గేజీ మాత్రం చక్కగా దిగి నిలబడుతుంది, అందరం సంబరపడతాం.

డీజిల్‌బాబాయ్: నిండిపోతే నిండిపోయింది. పైపులో నీళ్లు పంపు లాగేసింది కదా, ఇంక గింజలకి తాగడానికి ఏం మిగిలింది? నీ మాటలోనే జవాబుంది.

పానాపట్టు: ఆయిల్ మిగిలింది. కంప్రెసర్‌లో పోసే పాగ్ ఆయిల్ గాలి తగిలితే చాలు తేమ లాగేసుకుంటుంది, అదీ ఓ పట్టాన వదలదు. తర్వాత బండి తిరుగుతుంటే ఆ తేమ మెల్లగా గ్యాస్‌లో కలుస్తుంది. ఖాళీ ఉన్న డ్రయ్యర్ అయితే పట్టుకుంటుంది, నిండినదైతే పట్టుకోదు.

పోయిన వర్షాకాలం నా దగ్గరికొచ్చిన బండి చెప్తా. పైపు విప్పి, మూతులు మూయకుండా వారం పైనే వదిలేశారు. తర్వాత పాత డ్రయ్యర్‌తోనే వాక్యూమ్ పెట్టి గ్యాస్ కొట్టి పంపేశారు. బయలుదేరినప్పుడు చల్లగానే ఉంటుంది. కాసేపటికి వేడిగాలి. ఏసీ ఆపి పది నిమిషాలాగి వేస్తే మళ్లీ చల్లన. ఓనరు కంప్రెసర్ పోయిందేమో అని బెంగపెట్టుకుని తెచ్చాడు. గేజీలు తగిలించి చూస్తూ కూర్చున్నా. బాగా ఆడుతూ ఆడుతూ లో సైడు ముల్లు మెల్లగా సున్నా కిందకి జారింది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం దగ్గర నీళ్లు గడ్డకట్టి దారి మూసేస్తున్నాయన్నమాట. ఆపితే కరుగుతుంది, వేస్తే మళ్లీ కడుతుంది. డ్రయ్యర్ మార్చి, ఆయిల్ మార్చి, మళ్లీ వాక్యూమ్ పెట్టాక ఆగింది.

డల్లాస్‌దత్తుడు: నా దగ్గరున్న 90ల నాటి ఫోర్డ్ ఎఫ్-150కి ఈ సీసా కండెన్సర్ దగ్గర లేదు. లోపలి కాయిల్ దాటాక, కంప్రెసర్‌కి ముందు పెద్ద డబ్బాలా ఉంది. ఇక్కడ అక్యుములేటర్ అంటారు. రెండూ ఒకటేనా?

పానాపట్టు: గింజల సంచి రెండింట్లోనూ ఉంటుంది, చోటు వేరు. మన వైపు కార్లలో ఎక్కువగా ఎక్స్‌పాన్షన్ వాల్వు, అందుకని సీసా హై సైడులో. మీ బండిలో వాల్వు బదులు ఆరిఫిస్ ట్యూబ్. అది అవసరాన్ని బట్టి గ్యాస్‌ని తగ్గించలేదు, అందుకని ద్రవం మిగిలి కంప్రెసర్‌లోకి పోకుండా ఆ డబ్బా ఆపుతుంది. దాని అడుగున ఆయిల్ తిరిగి వెళ్లడానికి చిన్న రంధ్రం, దానికో జల్లెడ ఉంటాయి. కంప్రెసర్ అరిగి పొడి రాలితే ఆ జల్లెడ మూసుకుంటుంది, కొత్త కంప్రెసర్‌కి ఆయిల్ అందక అదీ పోతుంది. లోపల కడగడం కుదరదు. మీకైతే మార్చాలా వద్దా అన్న ప్రశ్నే లేదు.

డీజిల్‌బాబాయ్: ఇప్పుడు కంప్రెసర్ దాకా వెళ్లిపోయారు. అడిగింది పైపు! ఇలా ఒకటి చెప్పి ఒకటి అంటగట్టడమే మీ షెడ్ల పద్ధతి. డ్రయ్యర్ మీద ఎంత మిగులుద్దో కూడా చెప్పు బాబూ.

పానాపట్టు: నువ్వు బండి ఎప్పుడైనా విప్పావా? విప్పినోడికి చెప్పొచ్చు, గేజీ చూసి మురిసిపోయేవాడికి ఏం చెప్తాం.

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగతంగా వద్దు.

డీజిల్‌బాబాయ్: నేను విప్పలేదు, డబ్బు కట్టాను. రెండేళ్ల కింద ఒక షెడ్డులో కండెన్సర్ మార్పించా. బిల్లులో డ్రయ్యర్ రాశారు, కట్టా. ఇంటికొచ్చి చూస్తే పాత సీసానే, బురద చారలతో సహా. బోల్టు మీద తుప్పు కూడా కదల్లేదు. అడిగితే లోపల గింజలు మార్చామన్నారు. సీల్ చేసిన సీసాలో గింజలు ఎలా మారుస్తారో నాకు చెప్పండి. అప్పట్నుంచీ డ్రయ్యర్ మాటెత్తితే నాకు ఒళ్లు మండుద్ది.

పానాపట్టు: అయితే నీ గొడవ డ్రయ్యర్‌తో కాదు, మార్చకుండా బిల్లేసినోడితో. అది మోసం, నేనూ ఒప్పుకోను. సంచి ఒక్కటే మార్చే ఏర్పాటు కొన్ని కొత్త బండ్లలో ఉంది, కండెన్సర్ పక్క గొట్టం అడుగున మూత విప్పితే వస్తుంది. విడి సీసాకి అలా ఉండదు.

ఇంకోటి కూడా వినండి. ఊరికే గ్యాస్ తగ్గిందని టాప్‌అప్‌కి వెళ్తే, ఏ జాయింటూ విప్పకపోతే, డ్రయ్యర్ మార్చమని అడిగేవాడిని నమ్మొద్దు. సీసాకి వచ్చే పైపు, పోయే పైపు రెండూ చేత్తో తాకండి. రెండూ ఇంచుమించు ఒకే వేడిగా ఉండాలి. పోయే వైపు చల్లబడినా, చెమట పట్టినా లోపల చెత్తతో మూసుకున్నట్టే, అప్పుడు మార్చాల్సిందే.

డల్లాస్‌దత్తుడు: విప్పి గంటలో బిగించేసినా మార్చాలా?

పానాపట్టు: వెంటనే మూతులు మూసి ఉంటే, డ్రయ్యర్ కొత్తదైతే వదిలేసేవాళ్లున్నారు. నేను మారుస్తా. కంప్రెసర్ కొత్తది వేసినప్పుడైతే వారంటీకి డ్రయ్యర్ బిల్లు చూపించమంటారు చాలామంది డీలర్లు.

డీజిల్‌బాబాయ్: గంటకి కూడా 1,400! నేనైతే ఇవ్వను.

కాకినాడకాజా: మా బండి గురువారం నుంచి పైపు లేకుండానే ఉందండి. మూతులు మూయలేదు, సముద్రపు గాలి. ఇంకో సంగతి, మెకానిక్ తెచ్చిన కొత్త డ్రయ్యర్ చూపించాడు. డబ్బా ఉంది గానీ సీసా రెండు చివర్లా మూతల్లేవు. బెంచీ మీదే పడుంది.

పానాపట్టు: అది వేయించుకోకండి. మూత తీసిన క్షణం నుంచి అది గాలిలో తేమే తాగుతోంది. రెండు మూతలూ బిగించి ఉన్నది మీ కళ్లముందు తీయించండి. మిగతా జాయింట్లన్నీ బిగించాక చివర్న డ్రయ్యర్, వెంటనే వాక్యూమ్.

డీజిల్‌బాబాయ్: చూశారా, కొత్తదీ పాతదే. పాత సీసా మాత్రం చేతికిమ్మని ముందే చెప్పండి కాజా గారూ, ఇవ్వకపోతే ఒక్క రూపాయి తియ్యొద్దు.