బానిసల వ్యాపారం పెరగడానికి కారణం అమ్మినవాళ్లా, కొన్నవాళ్లా?

కాకినాడ_కుర్రాడు: "ఆఫ్రికా రాజులే తమ జనాన్ని అమ్ముకున్నారు, తెల్లవాళ్లు కొనుక్కున్నారంతే" అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదిస్తున్నాడు. ఇది నిజమేనా?

చాయ్‌బిస్కట్: చాలావరకు నిజమే. మలేరియా దెబ్బకి యూరప్ వాళ్లు తీరం దాటి లోపలికి పోలేకపోయారు. మనుషుల్ని పట్టి తెచ్చింది అక్కడివాళ్లే.

పాతకాగితాలు: పట్టుకొచ్చింది అక్కడివాళ్లే, కానీ ఎక్కువమంది యుద్ధఖైదీలు, ఎత్తుకొచ్చిన పరాయి ఊళ్లవాళ్లు. అసలు కొనుగోలు ఎందుకు పెరిగిందో చూడండి. 1640ల్లో కరీబియన్ దీవి బార్బడోస్‌లో చెరకు మొదలైంది. ఆ తోటల్లో పుట్టేవాళ్లకంటే చచ్చేవాళ్లే ఎక్కువ, అందుకే ఏటా కొత్తవాళ్లను కొంటూనే ఉన్నారు. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటించడానికి మొత్తం సుమారు కోటీ పాతిక లక్షల మందిని ఓడలెక్కించారు. అందులో దాదాపు 18 లక్షల మంది దారిలోనే పోయారు.

ఇదంతా అప్పు మీద నడిచింది. ఇప్పటి నైజీరియాలోని ఓల్డ్ కలబార్‌లో కెప్టెన్ బట్టలు, తుపాకులు, ఇనుప కడ్డీలు ముందే అరువిచ్చేవాడు. అక్కడి వర్తకుడు తన పిల్లల్నో, బంధువుల్నో ఓడలో తాకట్టు పెట్టి లోపలికి వెళ్లేవాడు. గడువులోగా మనుషుల్ని తేకపోతే తాకట్టువాళ్లే గొలుసుల్లోకి! 1767లో అక్కడి రెండు ఊళ్ల మధ్య తగువు తీరుస్తామని ఇంగ్లీషు కెప్టెన్లు ఒక ఊరి పెద్దల్ని ఓడల మీదికి పిలిచి, అవతలి ఊరివాళ్లతో కలిసి ఊచకోత కోశారు. మోసపోయిన ఆ ఊరి వర్తక కుటుంబంలోని ఇద్దరు యువకుల్ని కరీబియన్‌లోని డొమినికాలో అమ్మేశారు. వాళ్లు 1774లోగానీ ఇల్లు చేరలేదు. అమ్మేవాడికి కూడా భద్రత లేదన్నమాట.

గోదారి_గట్టు: మా ముత్తాతగారి అన్నను కూడా ఇలాగే మారిషస్‌కి తీసుకెళ్లారండీ. దీని గురించి ఎవరూ రాయరు.

పాతకాగితాలు: అది ఒప్పంద కూలీ వలస అయ్యుంటుందండీ. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనవాళ్లను పెద్ద ఎత్తున తీసుకెళ్లారు. మోసాలు, కష్టాలు బోలెడు, కానీ చట్టప్రకారం గడువున్న ఒప్పందం. పిల్లలు పుట్టుకతో యజమాని సొత్తు కారు. మనకి సంబంధం ఇంకోచోట ఉంది: కోరమాండల్ తీరపు నేతబట్టలు లండన్ మీదుగా ఆఫ్రికా చేరి ఈ బేరాల్లో చెల్లేవి.

చాయ్‌బిస్కట్: సరే, ఆ లాభాలతోనే బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు లేచాయంటారా? అది మరీ ఎక్కువ.

పాతకాగితాలు: ఓడల లాభం ఒక్కటే అయితే చాలదు, ఒప్పుకుంటా. కానీ చక్కెర, పత్తి, బీమా, బ్యాంకు అప్పులు కలిపితే లెక్క మారుతుంది. చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. వివాదం లేనిది ఒకటుంది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టంతో బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, అదీ యజమానులకు! విడుదలైనవాళ్లకు పైసా లేదు. అందుకు చేసిన అప్పు తాలూకు చివరి బాండ్లు 2015లో తీరాయి.

కాకినాడ_కుర్రాడు: మరి ఆఫ్రికా పేదరికానికి ఇదే కారణమా?

పాతకాగితాలు: ఎక్కువమందిని కోల్పోయిన ప్రాంతాలే ఇవాళ ఎక్కువ పేదగా ఉన్నట్టు పరిశోధనలో తేలింది. పొరుగువాణ్ణి నమ్మడం కూడా అక్కడ తక్కువట.

చాయ్‌బిస్కట్: మధ్యలో వలస పాలన కూడా ఉంది కదా. దాని పాపం దీని మీదికి నెట్టేస్తే ఎలా?