తమ్ముని అప్లికేషన్‌ల సంధులు, విభక్తులు జర చూడుండ్రి

నర్సంపేట అక్క:
మా తమ్ముడు హన్మకొండల బి.కాం. సెకండియర్. పరీక్ష ఫీజుకు గడువు అడుగుతూ ప్రిన్సిపాల్‌కు గిట్ల రాసిండు, రేపు పొద్దున ఇయ్యాలె, చదువుతుంటె అక్కడక్కడ తట్టుకుంటున్నది గానీ ఏది తప్పో పట్టుకోలేకపోతున్న.

"నేను మీ కళాశాల లో బి.కాం. రెండవ సంవత్సరం చదువుచున్నాను. మా నాన్నగారు ఆరోగ్యం బాగాలేక ఎంజీఎం లో ఉన్నారు. మా ఇల్లులో సంపాదించేది ఆయన ఒక్కరే. పది రోజులు గడువు నాకు అత్యావసరం. కావున ఇప్పించగలరని ప్రార్ధిస్తున్నాను. ఆసుపత్రి రసీదులును జతపరిచాను."

డీఎస్సీ ప్రిపరేషన్, పరకాల:
"నాన్నగారు ఆరోగ్యం" తప్పు అక్కా, షష్ఠి రావాలె, "నాన్నగారి ఆరోగ్యం" అని మార్చు. "ఆయన ఒక్కరే" కూడ సంధి చేసి "ఆయనొక్కరే" అనాలె. అత్యావసరం మాత్రం కరెక్టే, అత్యాధునికం లెక్కనే దీర్ఘం వస్తది.

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
తమ్మీ, ఆ నాన్నగారిని కదిలించకు. వాక్యం చివరిదాకా చదువు, "ఉన్నారు" అనే క్రియ ఉన్నది కద, ఎవరు ఉన్నారు అంటె నాన్నగారు, ఆయనే కర్త, నడుమ "ఆరోగ్యం బాగాలేక" అన్నది కారణం చెప్తున్నది అంతే. నువ్వన్నట్టు "మా నాన్నగారి ఆరోగ్యం బాగాలేక ఎంజీఎంలో ఉన్నారు" అని మారిస్తె ఎంజీఎంల ఎవరున్నరో వాక్యంల కనపడకుంట పోతది. పిలగాడు "మా నాన్నగారు ఆరోగ్యం బాగాలేదు" అని ఆపి ఉంటె అప్పుడు నీ మాట నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడ బాగాలేనిది ఆరోగ్యం కాబట్టి "గారి" రావాల్సిందే.

ఇగ అత్యావసరం. అతి పక్కన అవసరం వచ్చింది, "తి"లో ఉన్న ఇ పోయి య వచ్చి "త్య" అయింది, రెండో మాట మొదటి అచ్చు ఎట్లున్నదో అట్లనే దిగుతది. ఆధునికం మొదట్ల ఆ ఉన్నది కాబట్టి అత్యాధునికం, ఉత్తమం అయితె అత్యుత్తమం, అవసరం మొదట్ల ఉన్నది పొట్టి అ, కాబట్టి అత్యవసరం. దీర్ఘం ఎక్కడి నుంచి తెస్తవు? అతి, అంత కలిస్తె అత్యంత అంటున్నం గానీ అత్యాంత అంటలేం కద. విద్యార్థిల దీర్ఘం వచ్చింది అంటె అక్కడ ఆ, అ రెండూ ఒక్క జాతి అచ్చులు కాబట్టి, ఆ లెక్క వేరు.

డీఎస్సీ ప్రిపరేషన్, పరకాల:
సరే సార్, కర్త సంగతి నేను చూడలే. మరి "ఆయన ఒక్కరే" విడిగ ఉంచొచ్చా?

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
ఉంచొచ్చు. ఇప్పటి వచనంల రెండు తెలుగు మాటల నడుమ సంధి చేయకున్న తప్పు పట్టరు, ఆపి చదివితె ఇంకా తేటగ ఉంటది. సంస్కృత సమాసం లోపలి సంధి మాత్రం విడగొట్టొద్దు, ప్రధానోపాధ్యాయులను "ప్రధాన ఉపాధ్యాయులు" అని రాసుడు బాగుండదు.

జిరాక్స్ షాపు, సుబేదారి:
మా దగ్గరికి రోజూ గిసొంటి లెటర్లే వస్తయ్ సార్. "కళాశాల లో" అని గ్యాప్ ఇచ్చుడు ఫోన్‌తోని వచ్చిన అలవాటు, కింద వచ్చిన మాట ఒత్తంగనే అదే స్పేస్ ఇస్తది, తర్వాత "లో" కొడ్తరు. నాకు ఇంకో డౌటు, "వరంగల్కు" అని కొడితె ల కింద క ఒత్తు పడి పాడైతది, అందుకే నేను గూడ గ్యాప్ ఇస్త, అది తప్పేనా?

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
పొల్లుతో అయిపోయే మాటకు నీ ఇబ్బంది నిజమే, కానీ కళాశాల, ఎంజీఎం అట్ల కాదు కద, "కళాశాలలో", "ఎంజీఎంలో" అని కలిపి కొడితె ఏ ఒత్తూ పడది. లో, కు లాంటి విభక్తి మాటకు అతుక్కునే ఉండాలె. వరంగల్‌కు వచ్చినప్పుడు నడుమ కనపడని ఒక అక్షరం ZWNJ ఉంటది, కొన్ని కీబోర్డుల్ల దొరుకుతది, లేదంటె వరంగల్లుకు అని రాసెయ్యి.

నర్సంపేట అక్క:
సార్, "పది రోజులు గడువు" నాకు చెవికి తప్పనిపిస్తలేదు, "పది రోజులు ఆగండి" అంటం కద?

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
ఆగండి అన్నది క్రియమ్మా, ఎంతసేపు ఆగాలె అని చెప్పేతందుకు "రోజులు" అట్లనే ఉంటది. గడువు నామవాచకం, ఎన్ని రోజులది ఆ గడువు అంటె "పది రోజుల గడువు". రసీదులును కూడ ఇదే జబ్బు, విభక్తి రాంగనే "లు" కాస్త "ల" అయితది. అనుమానం వస్తె "కు" పెట్టి చూడు, రసీదులకు అంటవు గానీ రసీదులుకు అనవు, కాబట్టి రసీదులను. ఇల్లులో బదులు "ఇంట్లో". ప్రార్థనకు థ.

డీఎస్సీ ప్రిపరేషన్, పరకాల:
సార్, అదే లెక్కన "ప్రధానోపాధ్యాయులు గారికి" కూడ "ప్రధానోపాధ్యాయుల గారికి" కావాలె మరి.

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
"వారు" చేరిస్తె ఖచ్చితంగ ల, ప్రధానోపాధ్యాయులవారికి. "గారు" ముందట మాత్రం జనం లు ఉంచే రాస్తున్నరు, హోదాను పేరు లెక్క తీసుకొని దాని మీద గారు పెడుతున్నరు అనుకుంట. నేను తప్పు కొట్టను.

తెలుగు పండిట్, జనగామ:
నేను కొడ్త సార్. గౌరవం కోసమైనా అది బహువచనమే, లు ఎట్ల ఉంటది? "ఉపాధ్యాయులు గారు" అని ఎందరు రాసినా నాకు ఒప్పుదల కాదు.

నర్సంపేట అక్క:
మనోడు ప్రిన్సిపాల్ గారికి అనే పెట్టిండు కాబట్టి మాకు ఆ బాధ లేదు. ఇప్పుడు గిట్ల మార్చిన: "మా నాన్నగారు ఆరోగ్యం బాగాలేక ఎంజీఎంలో ఉన్నారు. మా ఇంట్లో సంపాదించేది ఆయన ఒక్కరే. పది రోజుల గడువు నాకు అత్యవసరం." పైన "చదువుచున్నాను" ఉన్నది, కింద "ప్రార్థిస్తున్నాను" ఉన్నది, రెండూ ఒక్కతీరుగ "తున్నాను" చేయమంటరా సార్?

రిటైర్డ్ తెలుగు సార్, హన్మకొండ:
చేయమ్మా, "చదువుతున్నాను" అని పెట్టు.