మామోగ్రామ్ రిపోర్టులో బైరాడ్స్ 0: అదనపు చిత్రాల తర్వాత ఏ కేటగిరీ ఇస్తారు?

నా వయసు 47 ఏళ్లు. గడ్డ, నొప్పి, స్రావం ఏవీ లేకుండానే చేయించుకున్న మొదటి మామోగ్రామ్‌లో, ఎడమ రొమ్ము పైభాగాన, పక్కవాటుగా తీసిన చిత్రంలో మాత్రమే అసిమెట్రీ, అంటే రెండో రొమ్ములో అదే చోట లేని నీడ, కనిపించిందని, రొమ్ము సాంద్రత ‘సి’, అంటే దట్టమైన కణజాలం ఎక్కువని, మామోగ్రామ్ ఫలితాలకు ఇచ్చే బైరాడ్స్ కేటగిరీ 0 అని రాశారు. ఆ చోటును మాత్రమే నొక్కి తీసే స్పాట్ కంప్రెషన్ చిత్రానికీ అల్ట్రాసౌండ్‌కూ మంగళవారం రమ్మన్నారు.

సెంటర్‌కు ఫోన్ చేస్తే పరీక్ష అయ్యాకే చెబుతామన్నారు. 0 అంటే పరీక్ష అసంపూర్ణమని, 1, 2 అయితే భయం లేదని, 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు గనుక ఆరు నెలలకు మళ్లీ చూస్తారని, 4, 5 అయితే బయాప్సీ అవసరమని చదివి తెలుసుకున్నాను. నన్ను కలవరపెడుతున్నది ఆ 3వ కేటగిరీయే.

నొక్కి తీసిన చిత్రంలో ఆ నీడ చెదిరిపోయి, అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనిపించకపోతే నేరుగా 1 ఇస్తారా, లేక పోల్చడానికి పాత ఫిల్ములు లేవన్న కారణంతో 3 ఇచ్చే అవకాశం ఉందా?