ఖర్చు మీద పన్నుకూ, వడ్డీని వదిలేసిన ఆదాయపు పన్నుకూ తేడా ఎక్కడ?

భీమవరంలో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పాలి. లక్ష రూపాయల సంపాదన, 20 శాతం పన్ను, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నాను.

ఆదాయపు పన్నయితే 80,000 దాచాలి. వడ్డీ 8,000లో 1,600 పన్ను పోయి 86,400 మిగులుతుంది. ఖర్చు మీద పన్నయితే లక్షా దాచవచ్చు. ఏడాది తర్వాత 1,10,000 తీసి ఖర్చు చేసేటప్పుడు 20 శాతం పోగా 88,000 చేతికొస్తుంది. పొదుపుకు శిక్ష తప్పిందన్న వాదన ఇక్కడ నాకు బాగా నచ్చింది.

అయితే వడ్డీపై పన్ను తీసేసి జీతంపైనే వేసినా 80,000 పెరిగి అదే 88,000 అవుతోంది! అసాధారణ లాభాల దగ్గర రెండూ వేరవుతాయని చదివి, రొయ్యల చెరువులో 50 శాతం లాభం వేసి చూశాను. రెండు దారుల్లోనూ 1,20,000. రేటు మార్చినా అంతే, రెండూ సమానంగానే వస్తున్నాయి.

నా లెక్కలో లోపం ఒకటే తోస్తోంది: ఒక దారిలో చెరువులో లక్ష, మరోదానిలో 80,000 పెట్టాను. చెరువు 80,000 కంటే ఎక్కువ పెట్టుబడిని తీసుకోలేదనుకుంటే, మిగిలిన 20,000 బ్యాంకులో 10 శాతానికే వేయాలి కదా. తేడా బయటపడేది సరిగ్గా అక్కడేనా?